కొత్తగా చేరినవాళ్లతో మొదటి రోజు మాటలు

అందరికీ నమస్తే. కుర్చీలు చాలకపోతే హెయిర్ వాష్ దగ్గర స్టూళ్లున్నాయి, తెచ్చుకుని కూర్చోండి. పదిన్నరకి మొదటి అపాయింట్‌మెంట్ ఉంది. ఈలోపు ముఖ్యమైనవి చెప్పేస్తాను.

మీలో కొందరు నాన్నగారి షాపులో కత్తెర పట్టుకుని పెరిగారు, కొందరు కోర్సు చేసి వచ్చారు. చేతిపని గురించి ఇవాళ మాట్లాడను. అది మీకు వచ్చనే తీసుకున్నాం. కస్టమర్ కళ్లు మూసుకుని మెడ మన చేతికి అప్పగిస్తారు కదా, ఆ టైమ్‌లో మనం ఏం చేస్తున్నామో వాళ్లకి కనిపించదు. నా పట్టింపంతా అక్కడే.

బ్లేడుతో మొదలుపెడదాం. మనిషికో కొత్త బ్లేడు, కవర్ వాళ్ల ముందే చింపాలి. "ఇప్పుడే మార్చానండీ" అని నోటితో చెబితే సరిపోదు. వాడిన బ్లేడు చెత్తబుట్టలో వేయొద్దు, ప్రతి కుర్చీ కింద మూతున్న గట్టి ప్లాస్టిక్ డబ్బా పెట్టాం, అందులోనే వేయాలి. లేకపోతే సాయంత్రం చెత్త ఎత్తే ఆయా చెయ్యి తెగుతుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. కంటికి ఆనని మరకైనా చాలు. టీకా వేయించుకోనివాళ్లు నాకు చెప్పండి. ఆరు నెలల్లో మూడు డోసులు, ఖర్చు సెలూన్‌దే.

దువ్వెనలు, క్లిప్పులు నేరుగా మందునీళ్లలో పడేయకండి. జుట్టు, జిడ్డు ఉంటే మందు పనిచేయదు. ముందు వెంట్రుకలు తీసి, సబ్బుతో కడిగి, అప్పుడు నానబెట్టాలి. సీసా మీద పది నిమిషాలని రాసుంటే పది నిమిషాలూ ఉంచాల్సిందే. ఆ నీలం లైటు పెట్టె చూసి చాలామంది మోసపోతారు. లైటు నేరుగా పడనిచోట అది ఏమీ చేయలేదు. శుభ్రం చేసినవి దాచుకోవడానికి మాత్రమే వాడండి. టవల్ ఒక్కరికే, తడి లేకపోయినా సరే, ఉతుకుడు బుట్టలోకి వెళ్లాలి.

థ్రెడింగ్ చేసే అమ్మాయిలూ, దారం పళ్ల మధ్య పెట్టుకోవడం మీకు అలవాటే, అలాగే నేర్చుకున్నారు. ఇక్కడ మాత్రం మెడకి తగిలించుకునే చేయాలి. వారం రోజులు చేయి తడబడుతుంది, పర్లేదు, ఆ వారం నిదానంగా చేయండి. వ్యాక్స్ పుల్ల ఒక్కసారే ముంచాలి. ఒంటికి తగిలింది మళ్లీ డబ్బాలోకి వెళ్లకూడదు.

హెయిర్ కలర్‌కి 48 గంటల ముందు చెవి వెనకాల ప్యాచ్ టెస్ట్. "నాకేం కాదమ్మా, ఎన్నేళ్లుగానో వేసుకుంటున్నా" అంటారు. ఏళ్లుగా వేసుకున్నవాళ్లకి కూడా ఒకరోజు ముఖం వాచిపోవచ్చు. వాళ్లు కోప్పడితే నా దగ్గరికి పంపండి, ఆ తిట్లు నేను తింటాను.

టైమ్ సంగతి. పదింటికి షట్టర్, తొమ్మిదిన్నరకి మీరు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ అని చెప్పకండి, అది రోజూ ఉండేదే. నిజంగా ఆలస్యమైతే ఫోన్ చేయండి, వాట్సాప్‌లో పెడితే నేను చూడను. మంగళవారం ఎలాగూ సెలవే. కానీ శ్రావణమాసంలోనూ, ముహూర్తాలప్పుడూ సెలవుల గురించి ముందే మాట్లాడుకోవాలి. తెల్లవారుజాము ముహూర్తానికి పెళ్లికూతుర్ని రెడీ చేయడానికి అర్ధరాత్రి బయల్దేరాల్సి ఉంటుంది. కారు మనదే, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

ఇక మాట. ఆటోలో వచ్చినా, కారులో వచ్చినా "మీరు", "అండి". చిన్నపిల్లలు తప్ప ఎవరినీ "నువ్వు" అనొద్దు. తల మీద చెయ్యి వేసేముందు ఒక మాట చెప్పి వేయండి. "జుట్టు ఇంత ఊడిపోయిందేంటండీ", "రంగు తగ్గారే", "పెళ్లెప్పుడు" లాంటివి మన సెలూన్‌లో వినపడకూడదు. అడక్కుండా ఫేషియల్ అమ్మొద్దు. పేలో, తామరో కనిపిస్తే అందరి ముందూ అనకండి, పక్కకి పిలిచి మెల్లగా చెప్పి, డాక్టర్‌ని చూడమనండి. బిల్లు ఎంతవుతుందో కత్తెర పెట్టకముందే చెప్పాలి. కుర్చీలో విన్న ఇంటి సంగతులు కుర్చీలోనే ఉండిపోవాలి. అడగకుండా ఫోటో తీసి స్టేటస్‌లో పెడితే మాత్రం అదే మీ ఆఖరి రోజు.

మర్యాద ఒకవైపే ఉండదు. ఎవరైనా చెయ్యి వేసినా, తప్పుగా మాట్లాడినా, పని అక్కడే ఆపేసి నన్ను పిలవండి. ఎంత పెద్ద కస్టమరైనా సరే, డబ్బులు వాపసు ఇచ్చి నేనే పంపేస్తాను. మిమ్మల్ని "ఎందుకు ఆపావు" అని ఎవరూ అడగరు.

టీ వచ్చింది. తాగేసి చేతులు కడుక్కుని ఏప్రాన్లు తీసుకోండి. గోళ్లు పెరిగినవాళ్లకి రిసెప్షన్‌లో నెయిల్ కట్టర్ ఉంది.