మూడు నిమిషాల పిచ్ స్క్రిప్ట్: మందుల ఫ్రిజ్‌కు కాపలా పరికరం

(చేతిలో ఇన్సులిన్ సీసా. కంపెనీ చరిత్ర ఇక్కడ వద్దు, ఎవరూ అడగలేదు.)

0:00 సమస్య

నమస్కారం. ఈ సీసాలోని ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టి, మళ్లీ కరిగింది. మీకు తేడా కనిపిస్తోందా?

(రెండు సెకన్లు ఆగాలి. జవాబు కోసం చూడొద్దు.)

కంటికి తెలియకపోవచ్చు. అయినా పారేయాల్సిందే. తెరవని ఇన్సులిన్, చాలా రకాల టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందరూ వేడికి భయపడతారు. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలకు మాత్రం గడ్డకట్టడమే పెద్ద ముప్పు. చిన్న క్లినిక్‌లో తరచూ ఉండేది ఇళ్లలో వాడే ఫ్రిజ్. అందులో ఫ్రీజర్‌కు దగ్గరగా పెట్టిన మందు గడ్డకట్టొచ్చు. ఉష్ణోగ్రతను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పుస్తకంలో రాస్తారు. రాత్రి రెండింటికి ఏం జరిగిందో ఆ పుస్తకం చెప్పదు.

0:55 పరిష్కారం

(సీసా కింద పెట్టి పరికరం చూపాలి. ఇక్కడ లైవ్ డెమో పెట్టొద్దు. సిగ్నల్ అందకపోతే అర నిమిషం పోతుంది.)

ఈ పరికరం ప్రతి 5 నిమిషాలకు ఉష్ణోగ్రత చదువుతుంది. హద్దు దాటి 15 నిమిషాలైతే క్లినిక్ యజమానికి ఫోన్ చేస్తుంది. మెసేజ్ కాదు, ఫోనే. నిద్రలో మెసేజ్ ఎవరూ చూడరు. సొంత సిమ్, బ్యాటరీ ఉన్నాయి కాబట్టి కరెంటు పోయినా పనిచేస్తుంది. సెన్సార్ కొన గ్లైకాల్ అనే ద్రవమున్న సీసాలో మునిగి ఉంటుంది. అది గాలి అంత త్వరగా వేడెక్కదు. అందుకే తలుపు తీసిన ప్రతిసారీ అలారం మోగదు. మా మొదటి నమూనాలో అది లేదు. ఉత్తుత్తి అలారాలతో విసిగి వాడేవాళ్లు దాన్ని ఆపేశారు.

ఇప్పుడు 140 ఫ్రిజ్‌లలో డబ్బు కట్టి వాడుతున్నారు.

1:50 మార్కెట్

పరికరం 4,500 రూపాయలు, ఏడాది చందా 3,600. మాతో ఒప్పందమున్న ముగ్గురు పంపిణీదారుల దగ్గర 9,000 క్లినిక్‌లు, మందుల షాపులు సరుకు కొంటాయి. సగటున ఒకటిన్నర ఫ్రిజ్ చొప్పున 13,500 ఫ్రిజ్‌లు. చందా ఒక్కటే ఏడాదికి 4 కోట్ల 86 లక్షలు. రేపే చేరగలిగిన వాళ్ల లెక్క ఇది. ల్యాబ్‌లు, బ్లడ్ బ్యాంకులు ఇందులో లేవు.

(సమయం మించితే చివరి వాక్యం వదిలేయొచ్చు. గుణకారం మాత్రం వదలొద్దు.)

2:20 పెట్టుబడి

60 లక్షలు అడుగుతున్నాం, 12 శాతం వాటాకు. అందులో 27 లక్షలతో 900 పరికరాలు తయారవుతాయి, ఒక్కోటి 3,000 చొప్పున. అవి అమ్మగా వచ్చే డబ్బుతో తర్వాతి విడత చేస్తాం. 21 లక్షలు నలుగురు అమ్మకం, అమరిక సిబ్బందికి. 12 లక్షలు సెన్సార్ల క్యాలిబ్రేషన్‌కు, ధ్రువీకరణకు. 18 నెలల్లో 2,000 ఫ్రిజ్‌లు, అంటే ఏటా 72 లక్షల చందా. తొమ్మిదో నెలకు 700 దాటకపోతే కొత్త ఉద్యోగులను తీసుకోం, ముందు అమ్మే పద్ధతి మారుస్తాం.

వచ్చే వారం మా 140 ఫ్రిజ్‌ల రికార్డులు మీ ముందు తెరుస్తాం. మంగళవారమా, గురువారమా?

(మాట ఆపేయాలి. అడిగిన మొత్తం, వాటా ఉన్న స్లైడ్‌ను తెర మీదే ఉంచాలి.)