ఫస్ట్ డివిజన్‌కు ఎక్కిన సందర్భంగా ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడి ప్రసంగం

పెద్దలకూ, అన్నలకూ, అక్కలకూ, ఆ వెనక బల్లల దగ్గర నిలబడిన మన ఆటగాళ్లకూ నమస్కారం. నాటుకోడి పులుసు దించడానికి ఇంకో పది నిమిషాలు పడుతుందంట. సంగటి వేడిగా ఉండగానే తినాల, అందుకే ఆలోపే ముగిస్తాను.

14 మ్యాచ్‌లు ఆడినాం. 8 గెలుపులు, 5 డ్రాలు, ఒకే ఒక ఓటమి. 29 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచి ఫస్ట్ డివిజన్‌కు ఎక్కినాం. చప్పట్లు కొట్టండి, వాళ్లకు ఎంత కొట్టినా తక్కువే. సీజన్ మొత్తం మీద మన వలలో పడినవి తొమ్మిది గోల్సే. గోల్‌కీపర్ ఒక్కడే ఆపితే ఇంత తక్కువ ఉండవు. బంతి పోయిన మరుక్షణం ముందున్న ఇద్దరు కుర్రాళ్లు వెనక్కి పరిగెత్తి వచ్చినారు, ప్రతి మ్యాచ్‌లోనూ, ఎండలోనూ.

వీళ్లు ఆడింది మన అనంతపురం ఎర్రనేల మీద. ఎండితే అది రాయే. బంతి మోకాలి ఎత్తుకు ఎగురుతుంది, మడమలూ పిక్కలూ నొప్పెడతాయి. మ్యాచ్ పొద్దున నీళ్లు చల్లితే పైపొర మాత్రమే జారుతుంది, కింద గట్టిదనం అట్లే ఉంటుంది. అందుకే ముందు రోజు సాయంత్రం రెండు ట్యాంకర్లు పోయాల, రాత్రంతా నీళ్లు లోపలికి ఇంకాల. గోల్ ముందర కీపర్ దూకే చోట మట్టి తవ్వి, జల్లెడ పట్టిన మట్టీ ఇసుకా కలిపి మూడంగుళాలు పరచాల. పల్లేరుకాయలు ఏరడానికి తడి గోనెసంచిని మైదానం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చాల. కాయలు సంచికి అంటుకుంటాయి. ఒక్క కాయ మిగిలినా ఒక బంతి పోయినట్టే. గీతలకు ముగ్గుపిండే వాడాల, కాలుతున్న సున్నం వద్దు, కింద పడిన పిల్లోని మోచేయి పొక్కిపోతుంది. ఈ పనంతా ఏడాదిగా ఎవరు చేసినారో మీకు తెలుసు. గ్రౌండు చూసుకునే మన తాత ఒకసారి లేచి నిలబడాల. తాతా, నీకు దండాలు.

ఇంక డబ్బు మాట. ఫస్ట్ డివిజన్‌లో పది జట్లు. 18 మ్యాచ్‌లు, అందులో 9 బయట. గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం, కదిరి, హిందూపురం పోవాల. సెకండ్ డివిజన్‌లో పదకొండు మందిని రెండు ఆటోల్లో పంపినా సరిపోయింది. ఇప్పుడు సరిపోదు. బండి ఆలస్యమై ఏడుగురు కూడా దిగకపోతే మ్యాచ్ మొదలే కాదు, వాకోవర్ ఇచ్చేస్తారు. పైకి ఎక్కిన చిన్న జట్లు మైదానంలో ఓడే కాదు, బండి లేక, మార్చడానికి ఆటగాడు లేక కూడా దిగిపోతాయి. మనకు ఆ గతి పట్టకూడదు. ప్రతి మ్యాచ్‌కూ పద్దెనిమిది మంది, ఒక మినీబస్సు.

సీజన్ ఖర్చు 1,61,100 రూపాయలు వస్తుంది. బ్యాంకులో 34,600 ఉంది. ఈ విందుకు 500 చొప్పున 140 టికెట్లు అమ్ముడయినాయి, భోజనం ఖర్చు పోను 40,600 మిగులుతుంది. తక్కువ పడేది 85,900.

దాన్ని ఇట్లా విడగొట్టినాం. బయటి మ్యాచ్‌కు బస్సు 5,500, అట్లాంటివి తొమ్మిది. మన గ్రౌండులో మ్యాచ్‌కు రెండు ట్యాంకర్లు, రెఫరీల ఫీజు, ఐసు కలిపి 3,400, అవీ తొమ్మిది. మిగిలిన 5,800కు నాలుగు బంతులు. ఒక కుటుంబం ఒక మ్యాచ్ పెట్టుకున్నా సరే, ఇద్దరు కలిసి ఒక బస్సు పెట్టుకున్నా సరే. దుకాణాలున్న అన్నలు రెండేసి పెట్టుకుంటే మాకు కొండంత బలం. డబ్బు ఇవ్వలేనోళ్లు బాధపడొద్దు. పిల్లోళ్ల పాత బూట్లుంటే తెచ్చివ్వండి, అయితే అడుగున పొడుగాటి ఆరు గుబ్బలున్నవి వద్దు. గట్టినేలలో అవి దిగవు, అరికాలు నొక్కుకుపోతుంది. పొట్టి రబ్బరు గుబ్బలు ఎక్కువున్నవే మనకు పనికొస్తాయి.

తలుపు పక్కన బల్ల మీద క్యాషియర్ పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. మ్యాచ్‌ల పట్టిక అక్కడే ఉంది, మీకు నచ్చిన మ్యాచ్ ఎదురుగా పేరు రాయించుకోండి. నగదైనా, ఫోన్‌లో వేసినా రసీదు అడిగి తీసుకోండి. ప్రతి నెలా మొదటి ఆదివారం జమాఖర్చులు గ్రౌండు గోడ మీద అంటిస్తాం.

మొదటి మ్యాచ్ వచ్చే నెల రెండో ఆదివారం, మన గ్రౌండులోనే. ముందు రోజు శనివారం సాయంత్రం నాలుగున్నరకు గోనెసంచులు ఈడుస్తాం, ఐదున్నరకు ట్యాంకర్లు వస్తాయి. పది మంది కావాల, సంచి ఎవరిది వాళ్లే తెచ్చుకోండి. పులుసు దించినారంట, రండి.