తలుపు దగ్గరికేసి పోరా

(తప్పెట మీద నిదానంగా ఎత్తుకోవాలి. పల్లవి గుంపుగా, చరణాలు ఒక్కరే. 'మాట' వచ్చినప్పుడు తప్పెట ఆపాలి. పాట చివర పల్లవి పాడకూడదు.)

పల్లవి

తలుపు దగ్గరికేసి పోరా, మద్దిలేటీ
తల వంచి గడప దాటి పోరా
కోడొచ్చి గింజలు కెలుకుతాది, మద్దిలేటీ
కుక్కొచ్చి కూడు ముట్టుకుంటాది
తలుపు దగ్గరికేసి పోరా

మాట

ఇది సంగమేశ్వరం కాడ ఒక్క పొద్దులో జరిగిన కత. సంగమేశ్వరం తెలుసు కదా, ఏడు నదులు కలిసే తావు. వేపకర్ర లింగం ఉండే గుడి. శ్రీశైలం డ్యాము నిండితే గుడి నీళ్ళలోకి పోతాది, ఎండలు ముదిరితే మళ్ళీ తేలుతాది. మన మద్దిలేటి రాజూ కాదు, వీరుడూ కాదు. పుట్టి ఎక్కి వల వేసుకొని బతికే మనిషి. వానికి యాభై దాటినాయి. వాళ్ళమ్మ సుంకులమ్మకు ఎన్నుంటాయో ఆమెకే తెలీదు. అడిగితే "నీకెందుకు, పిల్లనిస్తావా?" అంటాది.

చరణం 1

తొలికోడి కూసేసరికి లేచినాడు మద్దిలేటి
తొట్టి కాడ మొకం కడిగి తుండుగుడ్డ దులిపినాడు
వేపపుల్ల నోట బెట్టి వీధిలోకి తొంగి చూస్తే
వెన్నెలింక వాలలేదు, వెలుగు రేక పొడవలేదు

పొయ్యి ముందు ఈరమ్మ జొన్నరొట్టె తడతా ఉంది
తప్పుతప్పుమన్న సప్పుడుకి పిల్లి లేచి కూసోనుంది
వేంచిన చెనిక్కాయలు, ఎండుమిరప, చింతపండు
మిక్సీలోన ఏసి తిప్పితే గుర్రుమని నలిగిపాయె

మూల నులకమంచం మీద ముసలి సుంకులమ్మ చూడు
ముద్ద నోట పెట్టుకుంది, మొకం ముడిచి పక్కకు జరిపె
"ఊరిబిండా ఇది పిల్లా? ఉత్త బురద ఇది గానీ!
రోట్లో పడని ఊరిబిండి నోట్లో పడితే ఏమి రుచి?"

"ఉన్న రోలు ఇడిసిపెట్టి వచ్చిందెవరు అత్తా?" అంటే
"బండిలోన చోటు లేదని మీ మామ అనె, పోయి అడుగు!"
మామ పోయి పదేండ్లాయె, మాట మాత్రం మిగిలిపాయె
మామ మీద కోపమంతా మిక్సీ మీద పడతావుంది

నాలుగు రొట్టెలు మడిచిపెట్టి, నడుమ ఉల్లిగడ్డ పెట్టి
గట్టు మీద చాపల పులుసు కాచనీకె సరుకు కట్టె
ఉప్పుగల్లు, మిరపకాయలు, చింతపండు చిన్న ఉండ
దారిలోన నమలనీకె జోబీ నిండ చెనిక్కాయలు

వల భుజాన వేసుకోని వాకిలి దాటే యాళకు
వెనక నుంచి తల్లి కేక, వినని పొద్దు లేదు వానికి

(పల్లవి)

మాట

ఆ తలుపు సంగతొకటి చెప్పల్ల. 1981లో నీళ్ళొస్తాయి, ఊరు ఖాళీ చేయండన్నారు. మట్టిమిద్దెలు చేతులారా పడగొట్టుకోని దూలాలు, దంతెలు, తలుపులు ఊడదీసి ఎద్దులబండ్ల మీద వేసుకొచ్చుకున్నారు. ఆ తలుపే ఇది. కొత్తూరులో గోడలు రెండుసార్లు మారినాయి, తలుపు మారలా. అప్పుడు మద్దిలేటికి ఎనిమిదేండ్లు. బండి వెనక తలుపు మీదే పండుకొని వచ్చినాడంట. తరవాత ముంపోళ్ళకు ఇంటికొక ఉద్యోగమని 98 జీవో వచ్చింది. ఆ కాగితం నకలు ఇప్పటికీ వాళ్ళ ట్రంకుపెట్టెలో ఉంది. కాగితమే ఉంది.

చరణం 2

పుట్టి బోర్ల తిప్పి తీసి నీళ్ళలోకి తోసినాడు
గిర్రు గిర్రున తిరిగి తిరిగి తెడ్డు మాట వినె పుట్టి
తూరుపంతా ఎరుపెక్కంగ తుంగభద్ర పక్క నుంచి
చల్లగాలి చెవులో చెప్పె, చాపలు లేవు ఈపొద్దని

885 అడుగులంట నిండుకుండ ఉన్ననాడు
ఇప్పుడు చూస్తే దిగి దిగి నీళ్ళ ఎముకలు తేలినాయి
గుడి శిఖరం, గుడి గోడలు, గుడి మెట్లు వరసబెట్టి
ఒళ్ళు తుడుచుకోని వచ్చి ఎండకు కూసోనుండాయి

ఒకటో వల జెల్లపిల్ల, రెండో వల ఒంటి చెప్పు
మూడో వల నాచు మోపు, నాలుగోది సీసా ముక్క
ఐదో వలలో బొచ్చె ఒకటి, అరకిలోకు కొంచెం తక్కువ
ఆత్మకూరు బేరగాడు అడిగిందేమో పది కిలోలు

ఆరో వల విసిరినాడు, అరచేతుల తాడు గుంజె
గుంజితే రాదు, ఇడిస్తే పోదు, కింద ఏదో పట్టుకుంది
"మళ్ళీ నువ్వా, పాడుదయ్యమా! పోయినేడు ఇట్లే చేస్తివి
అంతకు ముందేడు అంతే, ఎన్ని వలలు తింటావే నువ్వు?"

తిట్టినాడు, తిట్టినాడు, తిట్లన్నీ అయ్యేదాకా
తిట్టినోని నోరెండింది, పట్టిన పట్టు ఇడవలేదు
తెడ్డు దించి లోతు చూస్తే తెడ్డు సగం తడవలేదు
మోకాటి లోతు నీళ్ళు, దీనికేనా ఇంత గోల!

పంచె ఎగ్గట్టి దిగినాడు, పాదం కింద బురద జారె
బురద కింద రాయి తగిలె, రాయి పక్కన మెట్టు తగిలె
కండ్లకేమో కానరాదు, కాలికేమో తెలిసినట్టే
ఒకటి దిగి, రెండు దిగి, మూడోదాని కాడ నిలిచె

(పల్లవిలో మొదటి లైను ఒక్కటే, మెల్లగా)

మాట

మీకు తెలిసిపోయింటాది. వానికి తెలీలా. పాతూరు యాడుందంటే చేయి చాపి చూపిస్తాడు, "అదిగో, ఆ నీళ్ళ కింద" అని. ఇల్లు యాడుందంటే ఎట్ల చూపిస్తాడు? నీళ్ళ మీద గీత గీస్తే నిలుస్తాదా? ప్రతి ఎండాకాలమూ ఇంత లోతుకు దిగవు నీళ్ళు. కొన్నేండ్లు గుడి తేలుతాది, ఊరు తేలదు.

చరణం 3

వల దారం పట్టుకోని వంగి వంగి తడిమినాడు
తల వెడల్పు, నడుము సన్నం, నల్లరాతి ఒళ్ళు దానిది
అంచు మాత్రం నీళ్ళ పైన అంగుళమంత తేలి ఉంది
పచ్చ నాచు కప్పి ఉంటే కొంగ కూడా చూడలేదు

నడుము చుట్టూ వల పోగులు, ఏండ్ల నాటి వల పోగులు
నీలమొకటి, తెల్లదొకటి, అన్నీ వాడు పోగొట్టినవే
ఒక్కొక్కటే ఊడదీసి ఒండ్రు గోకి కడిగినాడు
కడగ కడగ అంచు మీద లొట్ట ఒకటి బయటపడె

ఆ లొట్ట వానిదే! ఆరేండ్ల పిల్లగాడు నాడు
నాయన గడ్డపార ఎత్తి, మొయ్యలేక దాని మీద పడేసె
చీపురుకట్ట ఎత్తుకోని అమ్మ ఊరంతా తరిమె
వీపు మీద వాత పోయె, రోటి మీద లొట్ట ఉండె

"రోలా!" అన్నాడు గట్టిగ, కొంగ లేచి ఎగిరిపాయె
నీళ్ళ మీద ఎవురూ లేరు, మళ్ళీ ఒకసారి "రోలా" అనె
దయ్యమని తిట్టినోడు దాని అంచు మీద కూసొని
బీడీ తీస్తే తడిసిపోయె, తడిసిన బీడీ చూసి నవ్వె

గుంటలోని నీళ్ళు తోడి, ఇసక వేసి తోమినాడు
కృష్ణమ్మ నున్నగ చేసిన గుండ్రాయొకటి ఏరినాడు
పులుసుకని తెచ్చుకున్న మిరపకాయ, చింతపండు
జోబీలోని చెనిక్కాయలు, ఉప్పు, ఉల్లి వేసి నూరె

నూరుతావుంటే సప్పుడు లేచె, నున్నని ఆ పాత సప్పుడు
గోడ లేని ఇంటిలోన గోడకు తగిలి వచ్చినట్టు

మాట

రోలు ఎత్తుకొని రావచ్చు కదా అంటారు. నలుగురు మనుషులు ఎత్తే రాయి అది, పుట్టి మునిగిపోతాది. నలుగురిని పిలుచుకొని మళ్ళీ రావచ్చు. ఆ మాట వానికీ తోచింది, వస్తాడో రాడో మనకెందుకు. జూరాల గేట్లు ఎత్తేదానికి ఇంకా కొన్ని నెలలుంది. వాడు చేసిందల్లా ఒకటే: సద్దిగిన్నెలో రొట్టెలు తినేసి, ఆ గిన్నెలోకి ఊరిబిండి ఎత్తుకొని మూత బిగించినాడు.

(చరణం మళ్ళీ, తప్పెట లేకుండా)

పొద్దు వాలి ఇల్లు చేరె, "చాపలేవి?" అనె ఈరమ్మ
"బొచ్చె ఒకటి," అన్నాడు వాడు, బుట్ట దించి గిన్నె తీసె
రొట్టె తుంచి, ఊరిబిండి అద్ది తల్లి చేతికిచ్చె
ఎవురు నూరిందీ చెప్పలేదు, యాడ నూరిందీ చెప్పలేదు

సుంకులమ్మ నమిలింది, నమిలేది ఆపింది
మళ్ళీ తుంట తీసుకుంది, మళ్ళీ తుంట తీసుకుంది
గిన్నె అడుగు వేలితోన గీరి గీరి నాకినాక
కోడలి తట్టు చూడలేదు, కొడుకు తట్టు చూడలేదు

వాకిలి తట్టు చూసి అడిగె, రోజూ అడిగేటట్టే అడిగె:
"వచ్చేటప్పుడు మనింటి తలుపు దగ్గరికేసొచ్చినావా?"

ఎదురుగానే ఉంది తలుపు, ఎద్దులబండి ఎక్కిన తలుపు
కిర్రుమంటా గాలి వచ్చి కొంచెం తీసి పెట్టిపాయె
మద్దిలేటి చెయ్యి కడిగి మంచం కాడ కూసున్నాడు
"వేసొచ్చినా లేమ్మా," అన్నాడు. "కోళ్ళు రావులే."