ఈ ఉదయం షిఫ్ట్‌కి రాలేను – నా పేరున ఉన్న పనులు కిరణ్‌కి అప్పగింత

మేడం, నమస్తే. ఇప్పుడు టైం 4:15. ఈరోజు 6 గంటల షిఫ్ట్‌కి నేను రాలేను. రాత్రి 2 గంటలకి జ్వరం 101.8 ఉంది, పారాసెటమాల్ 650 వేసుకున్నాక కూడా 100.6 చూపిస్తోంది. గొంతు నొప్పి, దగ్గు, ఒళ్లు నొప్పులు ఉన్నాయి. ఈరోజు, రేపు రెండు రోజులు సిక్ లీవ్ పెడుతున్నాను. 9 గంటలకి కంచిలిలో డాక్టర్‌కి చూపించుకుని మలేరియా, డెంగీ పరీక్షలు కూడా చేయించుకుంటాను. చీటీ ఫొటో మీకు పంపుతాను. మాత్ర వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే డయాలసిస్ వార్డులో అడుగు పెడతాను. మాస్క్ వేసుకుని వచ్చేయొచ్చు కదా అని ఒకసారి అనిపించింది. కానీ మన పేషెంట్లు పక్కపక్క మంచాల మీద నాలుగేసి గంటలు కదలకుండా ఉంటారు. వాళ్ల ఒంట్లో ఇన్‌ఫెక్షన్‌ని తట్టుకునే శక్తి తక్కువ. అందుకే రావడం లేదు.

నిన్న సాయంత్రం ఆఖరి షిఫ్ట్‌లోనే గొంతు గరగర మొదలైంది. మాస్క్ తీయలేదు, అయినా నేను దగ్గరగా ఉన్నది 3, 6, 7, 9 బెడ్‌లకి. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆన్ చేసే ముందే టెంపరేచర్ చూసి, దగ్గు ఉందేమో అడగమనండి.

కిరణ్‌తో 4 గంటలకి ఫోన్‌లో మాట్లాడాను. 5:45కే వస్తానన్నాడు. బోర్డు మీద నా పేరు రాసుకున్న పనుల్లో ఒక్కటి తప్ప మిగతావన్నీ తను తీసుకుంటున్నాడు, ఆ ఒక్కటీ కింద రాశాను. బోర్డు మీద నా పేరు కొట్టేసి కిరణ్ పేరు రాయించండి మేడం. లేకపోతే శ్రావణి చూసుకుంటుందిలే అని ఎవరో అనుకుంటారు, ఆ పని అలాగే ఉండిపోతుంది.

మీతో ఒక మాట. మనిషి తక్కువయ్యారని హెపటైటిస్ బి మిషన్ చూస్తున్న సిస్టర్‌ని నా బెడ్‌ల వైపు తిప్పొద్దు. ఒకే షిఫ్ట్‌లో అక్కడా ఇక్కడా ఒకే చేతులు పడకూడదు. తప్పనిసరైతే 9వ బెడ్‌ని రెండో షిఫ్ట్‌కి మార్చండి. ఆయనది బారువ, ఫోన్ చేస్తే 11 గంటలకి వస్తారు. 5 గంటల్లోపు చెప్పాలి, ఆ తర్వాత ఆటో బయలుదేరిపోతుంది.

ఇక్కడి నుంచి కిరణ్‌కి.

కిరణ్, ముందు 4వ మిషన్ సంగతి. దాన్ని ముట్టుకోకముందే ఇది చదువు. రాత్రి దానికి బ్లీచ్ పెట్టాను. సగంలో ఉండగా 8:40కి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు మిషన్ ఆగిపోయింది. లోపలి బ్యాటరీ బ్లడ్ పంపుకీ అలారంకీ తప్ప నీళ్ల వైపు పనికి రాదు కదా. మళ్లీ ఆన్ చేసి రిన్స్ పెట్టాను కానీ చివరిదాకా నేను లేను, స్ట్రిప్ టెస్ట్ చేయలేదు. అంటే లోపల బ్లీచ్ మిగిలి ఉందనే లెక్క. ఎర్ర చీటీ అంటించి వచ్చాను. రిన్స్ మళ్లీ మొదటి నుంచి పూర్తిగా పెట్టు. అయ్యాక డ్రెయిన్ పైపు దగ్గర నీళ్లు పట్టి స్ట్రిప్ ముంచు. రంగు ఏ మాత్రం మారినా మళ్లీ రిన్స్. స్ట్రిప్ సున్నా చూపించి, రిజిస్టర్‌లో నీ సంతకం పడ్డాకే చీటీ తియ్యి. టైం చాలకపోతే 4వ బెడ్ పేషెంట్‌ని ఖాళీగా ఉన్న 8కి మార్చమని మేడంని అడుగు, తొందరపడి వాడొద్దు.

ఆర్వో గది. ఈరోజు ఇక్కడే తేడా వచ్చే వీలుంది. సాఫ్ట్‌నర్ టైమర్ పెట్టిన ప్లగ్ జనరేటర్ లైన్ మీద లేదు. రాత్రి కరెంటు 8:40కి పోయి 11:50కి వచ్చిందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ 3 గంటల 10 నిమిషాలూ టైమర్ గడియారం ఆగిపోయి ఉంటుంది. అంటే 2 గంటలకి జరగాల్సిన రీజనరేషన్ 5:10కి మొదలవుతుంది, దాదాపు 6:40 దాకా నడుస్తుంది. అది నడుస్తున్నంతసేపూ గట్టి నీళ్లు బైపాస్‌లోంచి నేరుగా ఆర్వోకి వెళ్లిపోతాయి, మెంబ్రేన్ మీద సున్నం పడుతుంది. కాబట్టి లోపలికి వెళ్లగానే ఆర్వో స్విచ్ వెయ్యకు, ముందు డయల్ చూడు. ముల్లు సర్వీస్ గుర్తు మీద లేకపోతే ఆగు. మధ్యలో చేత్తో తిప్పి ఆపొద్దు, ఉప్పు నీళ్లు ట్యాంకులోనే నిలిచిపోతాయి. ఈలోపు మిషన్ల రిన్స్‌లకి కంగారు లేదు, నిన్న ఆర్వో నీళ్ల ట్యాంకు 1000 లీటర్లూ నింపి వచ్చాను. మిషన్‌కి నిమిషానికి అర లీటరు చొప్పున ఎనిమిదీ కలిసి గంటకి 240 లీటర్లే తాగుతాయి.

డయల్ సర్వీస్‌కి వచ్చాక గడియారాన్ని అసలు టైంకి తిప్పి పెట్టు. లేకపోతే రేపు కూడా ఇదే గొడవ. ఉప్పు తొట్టిలో నీళ్లపైకి ఉప్పు కనిపించాలి, తగ్గితే గది మూలనున్న 25 కిలోల బస్తా పోసెయ్. సాఫ్ట్‌నర్ తర్వాత నీళ్లకి హార్డ్‌నెస్ టెస్ట్ చెయ్యి. నీలం వస్తే సరే, ఎరుపు ఛాయ వస్తే మేడంకి చెప్పు.

తర్వాత క్లోరిన్. ఆర్వో నడిచిన 15 నిమిషాలకి, రెండు కార్బన్ ట్యాంకుల మధ్యనున్న కుళాయి నుంచి పట్టు. టోటల్ క్లోరిన్ స్ట్రిప్ వాడాలి. పక్కనే ఫ్రీ క్లోరిన్ డబ్బా ఉంటుంది, రెండు మూతలూ ఒకే రంగు, పేరు చదివి తియ్యి. లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే రెండో ట్యాంకు తర్వాత పట్టి చూడు. అక్కడ బాగుంటే షిఫ్ట్ నడపొచ్చు కానీ మొదటి కార్బన్ పని అయిపోయినట్టే, మేడంకి చెప్పి గంటగంటకీ టెస్ట్ చెయ్యాలి. అక్కడా దాటితే ఒక్కరిని కూడా ఆన్ చెయ్యొద్దు. వానలు పడ్డాక పైపు నీళ్లలో క్లోరిన్ ఎక్కువ వేస్తారు, మొన్నటి నుంచి మనకి పడుతున్నాయి. క్లోరమిన్ ఆర్వో మెంబ్రేన్‌ని కూడా దాటిపోతుంది, రక్తకణాలు పగిలిపోతాయి. లైన్లలో రక్తం చిక్కదనం పోయి ద్రాక్షరసంలా మెరిసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఈ రీడింగ్ రాశాకే మొదటి సూది. 7 గంటలకి పడాల్సిన సూది 7:15కి పడినా ఫర్వాలేదు. పేషెంట్లు విసుక్కుంటే నెమ్మదిగా కారణం చెప్పు, వింటారు.

డయలైజర్లు. 7వ బెడ్ ఆవిడది నిన్న సాయంత్రం 7:30కి పెరాసిటిక్ యాసిడ్ నింపి రాక్‌లో పెట్టాను. 11 గంటలు నిండాలి, అంటే 6:30 లోపు తియ్యొద్దు. సెలైన్‌తో కడిగాక మిగులు స్ట్రిప్ టెస్ట్ తప్పనిసరి, కాసేపాగి మళ్లీ ఒకసారి చెయ్యి. పేరు, నంబరు ఇద్దరు చదివి, ఆవిడ చేత కూడా పేరు చెప్పించుకుని పెట్టండి. రాక్‌లో ఆ ఇంటిపేరుతోనే ఇంకొకటి ఉంది. 9వ బెడ్ ఆయన డయలైజర్ పారేశాను. కొత్తప్పుడు 110 మిల్లీలీటర్లు పట్టేది, 80 శాతం అంటే 88. నిన్న 86 వచ్చింది. కొత్తది తీసి బెడ్ దగ్గరి ట్రేలో పెట్టాను, రిజిస్టర్‌లో ఇంకా ఎక్కించలేదు, నువ్వు రాసెయ్.

బైకార్బొనేట్ డబ్బాలు నిన్న మిగిలింది పారబోసి కడిగి బోర్లించాను. ఈరోజుది ఈరోజే కలుపు, ప్యాకెట్ మీద రాసినన్ని ఆర్వో నీళ్లతో. కరిగేదాకా చాలు, గిలకొట్టొద్దు. గ్యాస్ పోతే మిషన్ లోపల సున్నం కడుతుంది. 2వ మిషన్ వీనస్ ప్రెషర్ అలారం చూడడానికి ఇంజినీర్ 11కి వస్తారు, అప్పటిదాకా దాన్ని వాడం.

3వ బెడ్. డాక్టర్ గారు శనివారం డ్రై వెయిట్ 52 నుంచి 51.5కి తగ్గించారు. ఫైలులో ఉంది, మిషన్ దగ్గరి చార్టులో ఇంకా 52 అనే ఉంది, మార్చు. ఆయన సోమవారాలు ఎక్కువ నీరుతో వస్తారు. ఒకవేళ 54.5 ఉంటే 3 లీటర్లు, చివర్లో తిరిగి ఎక్కే సెలైన్ 300, మొత్తం 3300. నాలుగు గంటల్లో తీస్తే గంటకి 825 అవుతుంది. కిలోకి 13 లెక్కన ఆయనకి 670 మించకూడదు. మించితే పిక్కలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది. పోయిన వారం “బాబూ, కాళ్లు లాగేస్తన్నాయి, తీసెయ్యండి” అని మూడో గంటకే ఏడ్చారు. ఐదు గంటలు పెడితే 660 వస్తుంది. టైం పెంచాలో, కొంత నీరు రేపటికి ఉంచాలో డాక్టర్ గారిని అడిగాకే మిషన్‌లో అంకె వెయ్యి.

నీకు ఇవ్వని పని ఒకటుందన్నాను కదా, అది 6వ బెడ్ ఫిస్టులా. మేడం, ఇది మీకు. ఎడమ చేతి కొత్త ఫిస్టులాకి శనివారం నేను 17 గేజ్ సూది వేస్తే పక్కకి రక్తం దిగి మోచేతి కింద వాచింది. ఈరోజు త్రిల్ చూసి, వాపు పూర్తిగా తగ్గితేనే సీనియర్ సిస్టర్ వెయ్యాలి, పంపు 200 దాటించకుండా. వాపు కొంచెమున్నా ఆ చేయి వదిలేసి మెడ క్యాథెటర్‌తోనే నడపండి, డాక్టర్ గారికి చూపించండి. కిరణ్‌కి కొత్త ఫిస్టులాలు ఇంకా అలవాటు లేదు. ఆ పిల్లకి 23 ఏళ్లు, ఆ చేయి ఆమెకి ఎన్నో ఏళ్లు పనికి రావాలి.

ఆర్వో గది తాళం మీ టేబుల్ రెండో సొరుగులో, స్ట్రిప్‌ల డబ్బాల కింద ఉంది. నీళ్ల రిజిస్టర్ నిన్న రాత్రి 8 గంటల దాకా రాసి ఉంది. మాట్లాడితే దగ్గు వస్తోంది, ఏదైనా అడగాలంటే మెసేజ్ పెట్టండి, 9 దాకా ఫోన్ చేతిలోనే ఉంటుంది. కిరణ్, క్లోరిన్ రీడింగ్, 4వ మిషన్ స్ట్రిప్ రెండూ ఫొటో తీసి పంపు.

– శ్రావణి