బన్నులు, బ్రెడ్, బిస్కెట్ల రోజువారీ సప్లై గురించి

హిమాయత్‌నగర్ హోటల్ మేనేజర్ గారికి,

నమస్కారమండీ. చిక్కడపల్లిలో మాది చిన్న బేకరీ. మీ టీ కౌంటర్‌కి, టిఫిన్ సెక్షన్‌కి కావలసిన సరుకు రోజూ మేమే ఇవ్వాలని ఈ ఉత్తరం.

బన్ను 9 రూపాయలు, 400 గ్రాముల బ్రెడ్ 40, ఉస్మానియా బిస్కెట్లు కిలో 340. జీఎస్టీ పడే వాటికి పన్ను వేరు. ఆరు నెలల దాకా ఈ రేట్లు కదలవు. మైదా, వెన్న ధరలు మరీ పెరిగినా, ఆ గడువు అయ్యాకే మీతో కూర్చుని మాట్లాడతాం.

బన్నులు తెల్లవారుజామున 3 గంటలకు ఓవెన్‌లో పెడతాం. వేడి మీద ప్యాక్ చేస్తే చెమ్మ పట్టి అడుగు మెత్తబడుతుంది కాబట్టి పూర్తిగా చల్లారాకే ట్రేలలో సర్దుతాం. 5:30కల్లా ఆటో మీ గేటు దగ్గర ఉంటుంది. మర్నాటి ఆర్డర్ రాత్రి 8 లోపు వాట్సాప్‌లో చెబితే చాలు. విరిగినవి, మాడినవి ఉంటే అదే రోజు మార్చి ఇస్తాం. అమ్ముడుపోనివి మాత్రం వెనక్కి తీసుకోలేం. రంజాన్ నెలలో బిస్కెట్లకు గిరాకీ ఎక్కువ, ఆ ఆర్డర్ వారం ముందు కావాలి.

బిల్లు పదిహేను రోజులకోసారి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ కాపీ జతచేశాం. సోమవారం ఉదయం శాంపిల్ ట్రే పంపమంటారా? మీ కుక్ గారు చాయ్‌లో ముంచి చూశాకే మాట్లాడుకుందాం.

ఇట్లు,
పద్మజ
బేకరీ యజమానురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్