మూర్ఛ మందులు: రెండో సంవత్సరం ఫార్మకాలజీ అభ్యాస ప్రశ్నలు

హనుమకొండ చదువు బృందానికి, సోమవారం ఇంటర్నల్ పరీక్షకు ముందు. జవాబులు కిందే ఉన్నాయి. తొంగి చూడకుండా రాయండి.

1. పరకాల నుంచి వచ్చిన ఏడేళ్ల పాప. పాఠం వింటూ పది సెకన్లపాటు కళ్లు నిలిపి చూస్తుంది, మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుంటుంది. పరధ్యానమని టీచర్ చెవి మెలిపెట్టారు. ఈఈజీలో సెకనుకు 3 స్పైక్-వేవ్‌లు. ఇతర ఫిట్స్ లేవు. ఏ మందు? ఏ చానల్ మీద పనిచేస్తుంది? కార్బమజెపిన్ ఇస్తే ఏమవుతుంది?

2. నర్సంపేట మిర్చి రైతు, 58 ఏళ్లు. స్పృహలో ఉండగానే కుడి చెయ్యి కొట్టుకునేది. బీపీకి థయాజైడ్ వాడుతున్నారు. కార్బమజెపిన్ మొదలైన మూడు వారాలకు వికారం, తికమక, సోడియం 121. ఎందుకు?

3. జనగామ యువతి, 22 ఏళ్లు, కొత్తగా పెళ్లయింది. నిద్ర లేవగానే చేతులు అదిరి టీ గ్లాసు జారిపోతుంది. రెండుసార్లు ఒళ్లంతా ఫిట్స్ వచ్చాయి. బాగా పనిచేసే మందేది? ఆమెకు ఎందుకు వద్దు?

4. జతపరచండి: ఫెనిటాయిన్, టోపిరమేట్, విగాబాట్రిన్, లెవెటిరాసెటామ్ — చూపు అంచులు కుంచించుకుపోవడం, చిరాకు, చిగుళ్ల వాపు, మూత్రపిండాల్లో రాళ్లు.

5. ఆరు నిమిషాలుగా ఫిట్స్ ఆగడం లేదు. సిరలోకి మొదట ఏది? ఆ తర్వాత?

జవాబులు

1. ఎథోసక్సిమైడ్. థాలమస్‌లోని టి-రకం కాల్షియం చానల్. కడుపులో తిప్పడం, ఎక్కిళ్లు దీని గుర్తులు. కార్బమజెపిన్‌తో ఆబ్సెన్స్ ఇంకా పెరుగుతుంది. పాపకు ఒళ్లంతా ఫిట్స్ కూడా ఉంటే వాల్‌ప్రోయేట్‌కు మారాలి, ఎందుకంటే ఎథోసక్సిమైడ్ వాటిని ఆపలేదు. ఏటా సగం మంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

2. ఫోకల్ ఫిట్స్‌కు కార్బమజెపిన్ ఎంపిక సరైనదే (లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ అని రాసినా మార్కు ఇస్తాను). కానీ అది ఏడీహెచ్ ప్రభావాన్ని పెంచి నీటిని నిలుపుతుంది. థయాజైడ్ తోడై సోడియం పడిపోయింది. తెల్లకణాలు తగ్గడం, రెండుగా కనిపించడం కూడా దీనివే. ఆసియా వారిలో హెచ్‌ఎల్‌ఏ-బి 1502 ఉంటే స్టీవెన్స్-జాన్సన్ ముప్పు ఉంటుంది.

3. జువెనైల్ మయోక్లోనిక్ మూర్ఛ. వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది, కానీ గర్భస్థ శిశువుకు న్యూరల్ ట్యూబ్ లోపాలు, తెలివితేటలు తగ్గే ప్రమాదం ఉన్నాయి. కాలేయం దెబ్బతినడం, క్లోమం వాపు, బరువు పెరగడం, జుట్టు రాలడం కూడా రాయండి. ఆమెకు లెవెటిరాసెటామ్. లామోట్రిజిన్ కొందరిలో ఈ అదురులను పెంచుతుంది. దద్దుర్లు రాకుండా మోతాదు మెల్లగా పెంచాలి, వాల్‌ప్రోయేట్ తోడుంటే మరీ మెల్లగా.

4. ఫెనిటాయిన్‌కు చిగుళ్లు, టోపిరమేట్‌కు రాళ్లు, విగాబాట్రిన్‌కు చూపు, లెవెటిరాసెటామ్‌కు చిరాకు. ఫెనిటాయిన్ మోతాదు కొంచెం పెంచినా రక్తంలో స్థాయి ఒక్కసారిగా ఎగబాకవచ్చు. కాలేయం దాన్ని విరిచే సామర్థ్యం నిండిపోతుంది. అప్పుడు మనిషి తూలుతాడు, కళ్లు ఊగుతాయి.

5. లోరాజెపామ్. ఆగకపోతే ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్ లేదా లెవెటిరాసెటామ్. ఫెనిటాయిన్‌ను సెలైన్‌లోనే కలపాలి. డెక్స్ట్రోజ్‌లో అవక్షేపం ఏర్పడుతుంది. నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటితే బీపీ పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు.