ఇంటర్నల్ పరీక్ష: సంస్థాగత నిర్మాణం, 4వ ప్రశ్న, వాల్యుయేషన్ కీతో సహా

ఎంబీఏ మొదటి సెమిస్టర్, అనంతపురం. మార్కులు 15.

తాడిపత్రిలో ఒక నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. మొదటి షెడ్డులో ఏడాది పొడవునా ఒకే పని: రెండడుగుల బండలు కోయడం, పాలిష్ పట్టడం, లోడెత్తడం. ఎవరి పని ఏమిటో గోడ మీద రాసుంటుంది. ఇబ్బంది లేదు. నిరుడు రెండో షెడ్డు పెట్టి బెంగళూరు ఇళ్లకు కిచెన్ ప్లాట్‌ఫారాలు, టేబుళ్లు చేస్తున్నారు. ఇక్కడ కొలతలు రోజూ మారతాయి. అయినా ఓనర్ పాత పద్ధతే పెట్టాడు: ఏ మార్పుకైనా మేనేజర్ సంతకం చేసిన చీటీ రావాలి. ఒకసారి సింక్ కన్నం 24 అంగుళాలు కాదు, 22 అని కస్టమర్ ఫోన్లో చెప్పాడు. మేస్త్రీ విన్నాడు కూడా. చీటీ రాలేదని 24కే కోశాడు. బండ పోయింది.

అ) రెండు షెడ్లకు ఏ నిర్మాణాలు సరిపోతాయి? (4)
ఆ) కంటింజెన్సీ దృక్పథంతో కారణాలు వివరించండి. (6)
ఇ) ఓనర్‌కు మీ సలహా ఏమిటి? (5)

కీ

అ) మొదటిది మెకానిస్టిక్, రెండోది ఆర్గానిక్. పేర్లకు 2, కేసులోంచి ఆధారం చూపితే 2. ‘సేంద్రియ’ అని రాసినా మార్కు తీయొద్దు, కాకపోతే ఆ మాటకు మనవాళ్లకు ఎరువులే గుర్తొస్తాయి.

ఆ) అసలు మార్కులు ఇక్కడే. బర్న్స్, స్టాకర్ 1961లో చెప్పింది ఏది మంచిదని కాదు, ఏది ఎప్పుడు పనికొస్తుందని. కంటింజెన్సీ దృక్పథమంటే ఇదే. పరిస్థితి నిలకడగా ఉంటే నియమాలు, పైనుంచి కిందికి ఆజ్ఞలు చాలు, అది మెకానిస్టిక్. మారుతూ ఉంటే విషయం తెలిసినవాడి దగ్గరే నిర్ణయం ఉండాలి, అది ఆర్గానిక్. మేస్త్రీకి 22 అని తెలుసు, కానీ నిర్ణయించే అధికారం లేదు. ఈ వాక్యం ఏ రూపంలో రాసినా 3 మార్కులు వేయండి.

మిగతా 3 టెక్నాలజీని బట్టి నిర్మాణం ఎలా మారుతుందో పరిశోధించిన జోన్ వుడ్‌వర్డ్‌కు. ఒక్కొక్కటిగా చేసే పనికి ఆర్గానిక్, పెద్దఎత్తున ఒకే సరుకు చేసే పనికి మెకానిస్టిక్ కుదురుతాయని ఆమె చూసింది. టెక్నాలజీ పెరిగేకొద్దీ మెకానిస్టిక్ అవుతుందని పిల్లలు ప్రతిసారీ రాస్తారు. అది తప్పు. నిరంతర ప్రాసెస్ పరిశ్రమలు, అంటే రిఫైనరీలాంటివి, మళ్లీ ఆర్గానిక్ వైపే వచ్చాయి. ఆ తప్పు రాస్తే 1 కోయండి.

‘ఆర్గానిక్ ఆధునికం, మెకానిస్టిక్ పాతకాలం’ అని రాసినవాళ్లకు ఈ భాగంలో సున్నానే. గైడ్ బట్టీ పట్టారన్నమాట.

ఇ) రెండో షెడ్డులో కొలత మార్పు మేస్త్రీయే ఖాయం చేసి తర్వాత చెప్పాలి. రాయి రకమో ధరో మారితేనే మేనేజర్ దాకా వెళ్లాలి. రెండు షెడ్లు రెండు తీర్లుగా నడిచినప్పుడు వాటిని కలిపే మనిషి ఒకరు కావాలి. 1967లో లారెన్స్, లార్ష్ చెప్పిన సమన్వయం ఇదే. పేర్లు రాయకపోయినా ఆలోచన ఉంటే పూర్తి మార్కులు. యూనిట్ మొత్తాన్ని ఆర్గానిక్ చేయమంటే మాత్రం 2కు మించొద్దు. మొదటి షెడ్డుకు వచ్చిన కష్టమేమీ లేదు కదా.